ఫైలు చిన్నదైంది, అక్షరాలు అలికినట్టయ్యాయి

నమస్తే మేడమ్. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో టాలీ, జీఎస్టీ క్లాసులు చెప్తాను. స్టూడెంట్లకు ఇచ్చే మెటీరియల్ నేనే వర్డ్‌లో తయారుచేశాను. 150కి పైగా బొమ్మలున్నాయి. చాలావరకు ప్రింట్ స్క్రీన్ నొక్కి నేరుగా పేస్ట్ చేసినవే. 13 మాత్రం కొనుగోలు బిల్లులను ఫోన్‌తో తీసిన ఫోటోలు. ఫైలు 78 ఎంబీ అయింది. మొదటి బ్యాచ్‌కి పెన్‌డ్రైవ్‌లో జిరాక్స్ షాపుకి ఇస్తే ప్రింట్ బాగానే వచ్చింది. కానీ మెయిల్‌లో పోదు, పిల్లల ఫోన్లలో తెరుచుకోదు. 10 ఎంబీ లోపు ఉండాలని మా సార్ అన్నారు. ఎవరో చెప్తే Compress Pictures లోకి వెళ్ళి E-mail (96 ppi) పెట్టాను. 8 ఎంబీకి దిగింది. కొత్త బ్యాచ్‌కి అదే ప్రింట్ తీయిస్తే లెడ్జర్ పేర్లు, అంకెలు అలికేసినట్టు వచ్చాయి. కాపీల డబ్బులు దండగ అయ్యాయని సార్ స్టాఫ్ అందరి ముందూ అరిచారు. పాత ఫైలు కూడా లేదు, దాని మీదే సేవ్ చేసేశాను. మొదట్లో మా కొలీగ్ Do not compress images in file అనే చోట టిక్ పెట్టించింది, అదే కొంప ముంచిందా? మళ్ళీ 150 బొమ్మలూ తీయాలా? ఇంకో మాట, కొన్ని స్క్రీన్‌షాట్లలో పక్కన నా వాట్సాప్ చాట్ పడింది. వేరే ఉద్యోగం గురించి మాట్లాడుకున్నది. క్రాప్ చేసేశాను కాబట్టి ఇబ్బంది లేదనుకుంటా.

— పేరు రాయవద్దు, హైదరాబాద్

ముందు పాత ఫైలు సంగతి చూద్దాం. మిగతావన్నీ అది దొరుకుతుందా లేదా అన్నదాని మీదే ఉన్నాయి.

96 పెట్టి సేవ్ చేసి మూసేశాక, ఆ బొమ్మల్లోంచి వర్డ్ పారేసిన పిక్సెళ్ళు ఇక రావు. Reset Picture నొక్కినా రావు. అది మీరు మార్చిన రంగులను, అంచులను మాత్రమే వెనక్కి తీసుకుంటుంది. బొమ్మను లాగి పెద్దది చేస్తే ఉన్న మసకే ఇంకాస్త పెద్దగా కనిపిస్తుంది. అందుకని ఇప్పుడున్న ఫైలు మీద కుస్తీ పట్టకండి. వెతకాల్సింది వేరే చోట.

మీ ఉత్తరంలోనే ఒక దారి ఉంది. మొదటి బ్యాచ్‌కి పెన్‌డ్రైవ్ ఇచ్చారు కదా, జిరాక్స్ షాపులవాళ్ళు చాలామంది ప్రింట్‌కి ముందు ఫైలును తమ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటారు, తర్వాత తీసేయడం మర్చిపోతారు. ఆ షాపుకి వెళ్ళి అడగండి. ఆ పెన్‌డ్రైవ్ కూడా ఒకసారి చూడండి. మీ ఫైలు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి Version history చూడండి, 78 ఎంబీ నాటిది అక్కడ ఉండొచ్చు. ఇక మీ కంప్యూటర్‌లో ప్రింట్ స్క్రీన్ నొక్కగానే స్నిప్పింగ్ టూల్ తెరుచుకుంటుందనుకోండి, కొత్త వెర్షన్లలో అది తీసిన ప్రతి బొమ్మనూ Pictures లోపలి Screenshots ఫోల్డర్‌లో దాచి ఉంచుతుంది. మీకు తెలియకుండానే ఒరిజినల్స్ అన్నీ అక్కడ ఉండే అవకాశం ఉంది. బిల్లుల ఫోటోలు ఎలాగూ మీ ఫోన్‌లో ఉంటాయి.

పాత ఫైలు దొరికితే మంచిదే. కానీ సంతోషంలో దాన్ని అలాగే ఎవరికీ పంపకండి. ఎందుకంటే మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఆ వాట్సాప్ మాట నాకు ప్రింట్ గొడవ కన్నా పెద్దదిగా కనిపించింది.

వర్డ్‌లో క్రాప్ చేస్తే ఆ భాగం పోదు. కిటికీకి తెర వేసినట్టు, కనిపించకుండా మాత్రమే ఉంటుంది. బొమ్మ మొత్తం ఫైల్లోనే ఉంటుంది, బరువు కూడా అలాగే ఉంటుంది. ఫైలు తెరిచినవాళ్ళెవరైనా ఆ బొమ్మ మీద క్లిక్ చేసి, Picture Format లో Crop నొక్కితే మీరు దాచిన భాగం మసక నీడలో మొత్తం కనిపిస్తుంది. ఆ అంచులు లాగితే మీ చాట్ చదువుకోవచ్చు. అంటే ఆ 78 ఎంబీ ఫైలు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ దగ్గర మీ ఉద్యోగం కబుర్లు కూడా ఉన్నట్టే. షాపులో ఫైలు దొరికితే మీరు కాపీ తీసుకుని, వాళ్ళ కంప్యూటర్‌లోది మీ ఎదురుగానే తీసేయించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.

మీ 8 ఎంబీ ఫైలులో ఆ భాగాలు పోయే ఉండొచ్చు. Compress Pictures పెట్టెలో Delete cropped areas of pictures అన్నదానికి మామూలుగా ముందే టిక్ ఉంటుంది. అయినా నమ్మకం మీద వదిలేయకుండా, చాట్ పడిన బొమ్మలు ఒక్కొక్కటీ క్లిక్ చేసి Crop నొక్కి చూసుకోండి. నీడ భాగం ఏమీ రాకపోతే అది పోయినట్టే.

దొరికిన పాత ఫైలులో ఈ పని ఇలా చేయండి. ముందు ఫైలుకి వేరే పేరుతో కాపీ తీసుకోండి. కాపీలో ఏదో ఒక బొమ్మ మీద క్లిక్ చేసి Picture Format, అందులో Compress Pictures తెరవండి. Apply only to this picture దగ్గర టిక్ తీసేయండి. ఇది కూడా ముందే టిక్ చేసి ఉంటుంది. తీయకపోతే ఆ ఒక్క బొమ్మకే పనిచేస్తుంది. చాలామంది 'కంప్రెస్ చేశాను, ఫైలు తగ్గలేదు' అని వాపోయేది ఇక్కడే. Delete cropped areas టిక్ ఉంచండి. కింద రిజల్యూషన్ మాత్రం High fidelity పెట్టండి. సేవ్ చేయండి. కత్తిరించిన భాగాలు పోతాయి, మిగిలిన బొమ్మ నాణ్యత చెడదు. ఇదే ఇక మీ అసలు ఫైలు. ఒకసారి సరిచూసుకున్నాక పాతదాన్ని తీసేయండి.

ఇప్పుడు మీ కొలీగ్ సంగతి. ఆమె చెప్పింది తప్పు కాదు. ఆ టిక్ లేకపోతే వర్డ్ మీకు చెప్పకుండానే, సేవ్ చేసినప్పుడల్లా, డిఫాల్ట్‌గా పెట్టి ఉన్న రిజల్యూషన్‌కి బొమ్మలను దించేస్తుంది. చాలా కాలం ఆ డిఫాల్ట్ 220గా ఉండేది, కొత్త వాటిలో High fidelity కూడా కనిపిస్తుంది. అసలు ఫైలు భద్రంగా ఉండాలంటే ఆ టిక్ ఉండాల్సిందే. పొరపాటల్లా దాచుకోవాల్సిన ఫైలూ, పంచిపెట్టాల్సిన ఫైలూ ఒకటే కావడంలో ఉంది. ఆ సెట్టింగ్ File, Options, Advanced లోపల Image Size and Quality అనే చోట ఉంటుంది. పక్కనే ఉన్న పెట్టెలో ఏ డాక్యుమెంట్ పేరు ఉంటే దానికే అది వర్తిస్తుంది. అసలు ఫైలుకి టిక్ ఉంచండి.

మరి 96 పెడితే ఏం జరిగింది? ఆ అంకె ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్ళు ఉంచాలో చెప్తుంది. అంగుళం అంటే మీ కంప్యూటర్ తెర మీద అంగుళం కాదు, వర్డ్ పేజీ మీద ఆ బొమ్మ ఆక్రమించిన అంగుళం. మీ ఉదాహరణే వేసి చూద్దాం. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకి ప్రింట్ స్క్రీన్ నొక్కితే 1920 పిక్సెళ్ళ వెడల్పు బొమ్మ వస్తుంది. ఏ4 పేజీలో రెండు పక్కలా అంగుళం మార్జిన్ పోతే మిగిలేది దాదాపు 6.27 అంగుళాలు. పేస్ట్ చేయగానే వర్డ్ ఆ బొమ్మను ఆ వెడల్పుకి కుదించి చూపిస్తుంది. అంటే అంగుళానికి సుమారు 306 పిక్సెళ్ళు. 96 పెడితే 6.27 అంగుళాలకి 602 పిక్సెళ్ళే మిగులుతాయి. 1920 కాస్తా 602 అయింది, మూడో వంతు కూడా లేదు. టాలీ తెర మీద 12 పిక్సెళ్ళ ఎత్తున్న అక్షరం నాలుగు పిక్సెళ్ళ లోపుకి వచ్చేసింది. నాలుగు పిక్సెళ్ళలో 8కీ 3కీ తేడా గీయడం ఎవరి వల్లా కాదు. మీ ప్రింటర్ తప్పేమీ లేదు, జిరాక్స్ అబ్బాయి తప్పూ లేదు.

అదే లెక్క 150కి వేస్తే బొమ్మ 940 పిక్సెళ్ళు, అక్షరం ఆరు దగ్గర ఉంటుంది. కళ్ళు చిట్లించి చదవొచ్చు, లేదా చదవలేం. 220కి 1379 పిక్సెళ్ళు, అక్షరం ఎనిమిదిన్నర. ప్రింట్‌లో చదవగలిగేది ఇక్కడి నుంచే. 330 పెడితే ఈ బొమ్మకి అసలు ఏమీ కాదు, దాని దగ్గర ఉన్నదే 306 కాబట్టి.

ఇందులోంచే ఇంకో జాగ్రత్త కూడా వస్తుంది. బొమ్మను పేజీలో సగం వెడల్పుకి తగ్గించి కంప్రెస్ చేస్తే పిక్సెళ్ళు కూడా సగమే మిగులుతాయి. తర్వాత పెద్దది చేద్దామంటే కుదరదు. సైజులన్నీ ఖాయం అయ్యాక, ప్రూఫ్ చూసుకున్నాక, చివరి పనిగానే కంప్రెస్ చేయాలి.

సరే, 78 ఎంబీ ఎక్కడి నుంచి వచ్చింది? ఇది ఊహించాల్సిన పని లేదు, తెరిచి చూడొచ్చు. .docx అంటే నిజానికి జిప్ ఫైలే. ఫైలుకి ఇంకో కాపీ తీసి, పేరు చివర .docx తీసేసి .zip అని పెట్టండి. పేరు చివర ఆ అక్షరాలు కనిపించకపోతే ఫోల్డర్‌లో View కింద File name extensions ఆన్ చేయాలి. జిప్ తెరిచి `word` ఫోల్డర్ లోపలి `media` లోకి వెళ్ళండి. మీ బొమ్మలన్నీ image1, image2 అని వరసగా ఉంటాయి. సైజు ప్రకారం పేర్చండి. మీరు పేస్ట్ చేసిన స్క్రీన్‌షాట్లు మామూలుగా .png గా ఉంటాయి. ఫోన్ ఫోటోలు .jpeg లేదా .jpg.

నా అంచనా ప్రకారం పై వరసలో మీ 13 బిల్లులు కూర్చుని ఉంటాయి. ఫోన్ ఫోటో ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీ ఉండటం మామూలే. సగటున 3.8 అనుకున్నా 13 బిల్లులకే 49 ఎంబీ దాటుతుంది. మిగిలిన 140 స్క్రీన్‌షాట్లు ఒక్కొక్కటి 200 కేబీ చొప్పున 28 ఎంబీ. రెండూ కలిపితే మీ 78కి దగ్గరగానే వచ్చింది. మీ ఫైలులో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, `media` ఫోల్డర్ చూస్తే సరిగ్గా తెలుస్తుంది. చూడండి, బరువంతా బిల్లులది. దెబ్బ తిన్నది మాత్రం టాలీ తెరలు.

స్క్రీన్‌షాట్ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే రంగు పరుచుకుని ఉన్న తెరని పీఎన్‌జీ చాలా చిన్నగా మడత పెట్టేస్తుంది. తెల్లటి నేల మీద నల్లటి అక్షరం అంటే దానికి తేలిక. ఆ బొమ్మను కుదిస్తే అక్షరాల అంచుల్లో బోలెడన్ని బూడిద రంగు ఛాయలు పుడతాయి, వాటిని మడత పెట్టడం కష్టం. అందుకని పిక్సెళ్ళు బాగా తగ్గినా ఫైలు ఆ మేరకు తగ్గదు. ఒక్కోసారి పెద్ద తేడానే ఉండదు. అంటే స్క్రీన్‌షాట్లను నలిపితే పోయేది ఎక్కువ, కలిసొచ్చేది తక్కువ. ఫోటో సంగతి అందుకు పూర్తిగా వ్యతిరేకం.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది, తొందరగా అయ్యేది. అసలు ఫైలుకి కాపీ తీసి, అన్ని బొమ్మలకీ కలిపి Print (220 ppi) పెట్టేయడం. నిమిషం పని. బిల్లులు బాగా తగ్గిపోతాయి, టాలీ తెరలు ప్రింట్‌లో చదవగలిగేలా ఉంటాయి, కానీ కొంచెం మెత్తబడతాయి. చిన్న అక్షరాలున్న జీఎస్టీ రిటర్న్ పేజీలు ఒకటి రెండు ఇబ్బంది పెట్టొచ్చు. సైజు 30 ఎంబీ చుట్టూ ఆగుతుందని అనుకుంటున్నాను. సార్ అడిగిన 10 మాత్రం రాదు.

రెండోది కొంచెం ఓపిక కావాలి, నేనైతే దీనికే మొగ్గుతాను. బిల్లులను మాత్రమే తగ్గించండి. ఒక బిల్లు మీద క్లిక్ చేసి Compress Pictures తెరిచి, ఈసారి Apply only to this picture టిక్ ఉంచి, 220 పెట్టండి. పదమూడుసార్లు ఇదే. ఒక్కో బిల్లు కొన్ని వందల కేబీకి వస్తుంది. స్క్రీన్‌షాట్లు ముట్టుకోవద్దు. బిల్లుల వల్లే 45 ఎంబీ దాకా తగ్గుతుంది. కత్తిరించిన భాగాలు తీసేసినందుకు ఇంకొంత తగ్గుతుంది. ఇది ప్రింట్‌కి ఇచ్చే కాపీ. పెన్‌డ్రైవ్‌లో పోయేదానికి 30 ఎంబీ ఉంటే ఎవరికి నష్టం?

ఫోన్లకి పంపేది వేరే ఉండాలి, అది వర్డ్ ఫైలు కానక్కర్లేదు. Save As లో PDF ఎంచుకుంటే Minimum size (publishing online) అని ఒక ఎంపిక ఉంటుంది. బొమ్మలను వర్డే తగ్గించి పీడీఎఫ్ చేస్తుంది, మీ వర్డ్ ఫైలు అలాగే ఉంటుంది. పిల్లలు ఫోన్‌లో జూమ్ చేసుకుని చదువుతారు కాబట్టి పంపేముందు మీ ఫోన్‌లోనే ఒక లెడ్జర్ పేజీ తెరిచి చూడండి. మసకగా ఉంటే Standard తో చేసి, చాప్టర్ల వారీగా నాలుగైదు పీడీఎఫ్‌లుగా విడగొట్టండి. ఒక్కొక్కటి 10 లోపే ఉంటుంది, ఆ రోజు క్లాసుకి కావాల్సిందే పిల్లలు దించుకుంటారు. చాట్ భాగాలు తొలగించిన ఫైలు నుంచే పీడీఎఫ్ చేయాలని మర్చిపోవద్దు.

మూడోది డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపడం. జీమెయిల్ 25 ఎంబీ దాటితే తనే ఆ దారి చూపిస్తుంది. మీకు ఏ పనీ ఉండదు. కానీ దించుకోవాల్సిన బరువు పిల్లల మీద పడుతుంది, మొబైల్ డేటా వాళ్ళదే. పాత ఫైలే అలా పెడితే చాట్ కూడా అందరికీ చేరుతుంది. దీన్ని నేను సిఫార్సు చేయను.

ఇదంతా పాత ఫైలు దొరికితే. దొరకకపోతే అన్నీ మళ్ళీ తీయాలా అన్నారు. అక్కర్లేదు. మసకైన ఫైలు ప్రింట్ ఒకటి ముందు పెట్టుకుని పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. 'ఈ మెనూ ఇక్కడుంది, ఇది నొక్కు' అని చూపించే బొమ్మలు కొంచెం మసకగా ఉన్నా పని జరుగుతుంది. లెడ్జర్ పేర్లు, వోచర్ అంకెలు, పన్ను రేట్లు చదవాల్సినవి మాత్రమే మళ్ళీ తీయండి. సగానికి సగం తగ్గుతుందనుకుంటున్నా.

మళ్ళీ తీసేటప్పుడు మొత్తం తెర తీయకండి. `Win+Shift+S` నొక్కితే కావాల్సిన భాగం చుట్టూ గీసుకోవచ్చు. ఒక వోచర్ ఎంట్రీ వరకే గీస్తే 900 పిక్సెళ్ళ వెడల్పు వస్తుందనుకోండి. దాన్ని 6 అంగుళాల వెడల్పులో పెడితే అంగుళానికి 150. అంకె చూసి కంగారు పడొద్దు. ఇక్కడ ఆ 12 పిక్సెళ్ళ అక్షరం 12 గానే ఉంది, పైగా పేజీ మీద రెండింతల పెద్దగా కనిపిస్తుంది. 220 పెట్టి కంప్రెస్ చేసినా దానికేమీ కాదు, ఎందుకంటే దాని దగ్గర అంతకన్నా తక్కువే ఉంది. పూర్తి తెరతో పోలిస్తే కేబీలు కూడా బాగా తక్కువ. పక్కన ఏ చాట్ తెరిచి ఉన్నా బొమ్మలో పడదు. నాణ్యత, సైజు, గోప్యం మూడూ ఒకే దెబ్బతో కుదిరే పద్ధతి ఇది. కంప్రెషన్ మీద ఆధారపడటం కన్నా దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. కింద ఉన్న టాస్క్‌బార్, పైన ఉన్న బ్రౌజర్ ట్యాబ్‌లు మీ పిల్లలకి నేర్పేది ఏమీ లేదు.

సార్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సంజాయిషీతో వెళ్ళకండి, రెండు కాగితాలతో వెళ్ళండి. ఒకే లెడ్జర్ పేజీ, ఒకటి 96లో, ఒకటి 220లో. 'ఫోన్‌కి వేరు, ప్రింట్‌కి వేరు ఇస్తాను సార్, రెండింటికీ ఒకటే ఫైలు అంటే ఇదిగో ఇలా వస్తుంది' అంటే చాలు. కాగితం చూశాక కూడా 10 ఎంబీ వర్డ్ ఫైలే కావాలి, అదే ప్రింట్ తీయాలి అని పట్టుబడితే, బొమ్మల సంఖ్య తగ్గించాల్సి ఉంటుందని చెప్పండి. ఏ పేజీలు తీసేయాలో నిర్ణయం ఆయనకే వదలండి. స్టాఫ్ ముందు అరవడం గురించి అదే సమయంలో మాట్లాడటం మంచిది కాదని నా అభిప్రాయం. మాట్లాడాలనుకుంటే సరైన ప్రింట్ చేతికి వచ్చాక, విడిగా మాట్లాడండి. అప్పుడు మీ మాటకి బరువుంటుంది.

ఇకపై జిరాక్స్ షాపులో డెబ్బై కాపీలు చెప్పేముందు, చిన్న అక్షరాలు ఎక్కువున్న ఒక్క పేజీ తీయించి చూడండి. అంకెలు చదవగలిగితేనే మిగతావి తీయమనండి.